దాతలకు లెక్క రాసినం: పది నెలలు, తొమ్మిది మంది, ఒక అక్క కథ



ఉద్యోగాలు చేస్తున్న మన సీనియర్లు 12 మంది నెలకు 500 చొప్పున వేసుకుంటున్నరు. డిగ్రీ అయిపోంగనే హాస్టల్ సీటు పోతది. చిక్కడపల్లి, అశోక్ నగర్‌లో ఉండి ప్రిపేర్ అయ్యే మనోళ్ల స్టడీ హాల్ ఫీజుకు ఆ డబ్బు పోతున్నది. పది నెలలు నిండినయి. దాతలకు లెక్క రాసే పని మా హాస్టల్ పిల్లల మీద పడ్డది. ఎట్ల రాసినమో ఇక్కడ చెప్తున్నం, రేపు మీ ఊరి సంఘానికి పనికొస్తది.

ముందు పైసలు. పది నెలలకు 60,000 రావాలి, వచ్చింది 52,500. స్టడీ హాళ్లకు 36,900, టెస్ట్ సిరీస్‌లకు, జిరాక్సులకు 9,300, పరీక్ష సెంటర్లకు పోయే ఛార్జీలకు 3,800. మొత్తం ఖర్చు 50,000. మిగిలింది 2,500.

తర్వాత మనుషులు. ఇక్కడ దేన్ని లెక్కపెడుతున్నమో తేల్చుకోవాలి. 2014 నుంచి జీహెచ్‌ఎంసీ నడిపే ఐదు రూపాయల భోజనం మనందరికీ తెలుసు. అక్కడ ప్లేట్లు లెక్కపెడతరు. ఒకే పిల్లగాడు వంద రోజులు తింటే వంద ప్లేట్లయితయి, వంద మంది కారు. మా దగ్గర కూడా "41 ఫీజులు కట్టినం" అంటే 41 మందికి కట్టినట్టే వినపడ్తది. అసలు మనుషులు తొమ్మిది మందే. అందుకే రెండు అంకెలూ పక్కపక్కన రాసినం.

సగటు కూడా మోసం చేస్తది. 50,000ను తొమ్మిదితో భాగిస్తే మనిషికి దాదాపు 5,556. కానీ ఎవరు ఎన్ని నెలలు ఉన్నరో వరుసగా పెడితే ఇట్ల వచ్చింది: 2, 2, 3, 4, 4, 5, 5, 6, 10. ఇద్దరు రెండు నెలలకే ఇంటికి పోయిన్రు. ఒక అన్న పది నెలలూ ఉన్నడు, ఆయనకే ఉద్యోగం వచ్చింది.

దాతలకు ఆ అన్న కథ చెప్తే బాగుంటదని చాలా మంది అన్నరు. కానీ ఆయన ఒక్కడినే చూపిస్తే 500 ఇచ్చినాయన మనసుల తొమ్మిది మందికీ ఉద్యోగాలు వచ్చినట్టే ఉంటది. పైగా ఆ ఉద్యోగం వెనక ఇంటి నుంచి వచ్చిన బియ్యం ఉన్నయి, ఆయన ఆదివారాలు చేసిన క్యాటరింగ్ పని ఉన్నది, సెంట్రల్ లైబ్రరీ పుస్తకాలు ఉన్నయి. "మీ డబ్బుతో ఉద్యోగం వచ్చింది" అని రాయలేదు. "పది నెలలు స్టడీ హాల్ ఫీజు మీరు కట్టిన్రు" అని రాసినం.

కథకు మాత్రం వరుసల సరిగ్గా మధ్యల, ఐదో స్థానంల ఉన్న అక్కను తీసుకున్నం. నాలుగు నెలలు, నెలకు 900, మొత్తం 3,600. అంతకుముందు ఆమె లైబ్రరీల సీటు కోసం పొద్దున్నే లైన్ల నిలబడేది, సాయంత్రం నారాయణగూడల బట్టల షాపుకు పోయేది. రూముల ఆరుగురు, రాత్రి లైటు వేస్తే పక్కవాళ్లకు నిద్ర పట్టదు. ఆమె నోట్‌బుక్ ప్రకారం అప్పుడు రోజుకు నాలుగు గంటలు చదివేది. షాపు నుంచి వచ్చినంక స్టడీ హాల్ల కూర్చునే వీలు దొరికినంక ఏడు గంటలయింది. పరీక్ష రాసింది, సెలెక్ట్ కాలేదు. ఇప్పుడు ఊళ్ల ప్రైవేటు బడిల పాఠాలు చెప్తూ మళ్లీ చదువుతున్నది. ఇదంతా ఉన్నదున్నట్టే రాసినం.

రాసింది ఆమెకు ఫోన్ల చదివి వినిపించినం. "నాన్న గురించి ఉన్న ఆ ఒక్క లైను తీసెయ్యి తమ్మీ, ఫోటో వద్దు, ఊరి పేరు వద్దు" అన్నది. తీసేసినం. సాయం తీసుకున్నందుకు ఇంటి బాధ దాతల ముంగట పెట్టాలని రూలేం లేదు.

ఉద్యోగాలతోనే ఫలితం ఎందుకు కొలవలేదో కూడా దాతలకు చెప్పినం. 2022 అక్టోబర్ 16న జరిగిన గ్రూప్-1 ప్రిలిమ్స్, పేపర్ లీకుతో 2023 మార్చిల రద్దయింది. 2023 జూన్ 11న మళ్లీ పెడితే అదీ హైకోర్టుల నిలవలేదు. అట్లాంటి ఏడాది ఉద్యోగాలే లెక్కపెడితే సున్నా వస్తది. ఆ సున్నా చదివినోళ్లది కాదు, డబ్బు ఇచ్చినోళ్లదీ కాదు. అందుకే మేము చేసిన పనికి దగ్గరగా ఉన్నవే రాసినం: కట్టిన ఫీజులు 41, సాయం అందినోళ్లు తొమ్మిది మంది, పరీక్ష రాసినోళ్లు ఆరుగురు, సెలెక్ట్ అయినోళ్లు ఒక్కరు, మధ్యల వెళ్లిపోయినోళ్లు ఇద్దరు. ఆ ఇద్దరిల ఒకరికి ఇంటి దగ్గర పత్తి పని, ఇంకొకరికి తిండి ఖర్చు ఎల్లలేదు. స్టడీ హాల్ ఫీజు కడితే సరిపోదని ఈ రెండో మాటతోనే దాతలకు తెలుస్తది.

ఉత్తరం చివర్ల అడిగింది ఒక్కటే. వచ్చే నెల నలుగురికి సీటు కావాలి, 3,600 కట్టాలి. చేతిల 2,500 ఉన్నయి. తక్కువ పడేది 1,100.