గామా దగ్గర మొన

రక్తం గడ్డకట్టాక పైన తేలే తేట ద్రవం సీరం. దాన్ని జెల్ మీద ఒక చుక్క వేసి కరెంటు పెడితే అందులోని ప్రొటీన్లు పరిగెత్తి, ఒక్కో గుంపు ఒక్కో చోట ఆగుతుంది. దాన్ని గ్రాఫుగా గీస్తే మొదట ఆల్బుమిన్ శిఖరం, తర్వాత ఆల్ఫా, బీటా దిబ్బలు, చివర్న గామా దగ్గర వెడల్పాటి గుట్ట కనిపిస్తాయి. ఆ గుట్ట ఎక్కువగా యాంటీబాడీలది. వేల రకాల ప్లాస్మా కణాలు వేల రకాల యాంటీబాడీలు చేస్తాయి కాబట్టి అది అలా పరుచుకుని ఉంటుంది. దీర్ఘకాలపు ఇన్ఫెక్షన్లలో, లివరు జబ్బుల్లో గుట్ట మొత్తం ఎత్తు పెరుగుతుంది. అలా కాక ఒకే కణం సంతతి పెరిగి ఒకే యాంటీబాడీని పోస్తూ ఉంటే, గుట్ట మీద ధ్వజస్తంభంలా సన్నటి మొన లేస్తుంది. లాబ్‌లో ఇన్నేళ్లుగా ఈ గ్రాఫులు చూస్తూనే ఉన్నాను. ఆ మొన మా పిన్ని రిపోర్టులో కనిపించినప్పుడు మాత్రం నాకూ గుండె జారింది.

పిన్నికి అరవయ్యేడు. మోకాళ్ల నొప్పులకి వెళ్తే రక్తపరీక్షలు రాశారు. మొత్తం ప్రొటీన్ 8.6 గ్రాములు, అందులో ఆల్బుమిన్ 4. అంటే మిగతావి 4.6, ఉండాల్సిన దానికంటే ఎక్కువ. అందుకే ఎలక్ట్రోఫొరెసిస్ చేయించారు. మొన 1.3 గ్రాములు. వాళ్లబ్బాయి ఇంటర్నెట్‌లో వెతికి మైలోమా అన్న మాట దగ్గర ఆగిపోయాడు. పిన్ని ఫోన్ చేసి ఒకటే అడిగింది: "ఒరేయ్, ఇది కాన్సరా, కాదా? నాన్చకుండా చెప్పు."

నాన్చడం కాదు గానీ, మొన ఒక్కటే చూసి ఎవరూ చెప్పలేరు. ముందు అది నిజమైన మొనేనా అని చూడాలి. రక్తం పూర్తిగా గడ్డకట్టకముందే సీరం తీస్తే, మిగిలిపోయిన ఫైబ్రినోజెన్ బీటాకీ గామాకీ మధ్య అచ్చం ఇలాంటి గీతే గీస్తుంది. ఇమ్యునోఫిక్సేషన్ చేస్తే ఆ అనుమానం తీరుతుంది. పిన్నిది ఐజీజీ కాపా అని తేలింది. నిజమైన మొనే.

అసలు ప్రశ్న ఆ తర్వాతది: ఈ కణాలు శరీరానికి ఏమైనా హాని చేశాయా? కాల్షియం పెరిగిందా, కిడ్నీ దెబ్బతిందా, రక్తం తగ్గిందా, ఎముకలు తొలిచినట్టయ్యాయా అని నాలుగు చోట్ల వెతుకుతారు. పిన్నికి కాల్షియం, క్రియాటినిన్ బాగున్నాయి. ఎముకల ఫొటోల్లో చిల్లుల్లేవు. నొప్పి మోకాలి అరుగుదలదే. కానీ హిమోగ్లోబిన్ 10.4 ఉంది. నాలుగింట్లో ఒకటి!

పిన్ని డాక్టరు ఇక్కడ తొందరపడలేదు. మొన ఉండడం, రక్తం తక్కువ ఉండడం పక్కపక్కనే ఉన్నంత మాత్రాన ఒకదానికి ఇంకోటి కారణం కానక్కర్లేదు. ఎర్రకణాలు చిన్నగా ఉన్నాయి, ఫెరిటిన్ 8. అది ఐరన్ లోపం లక్షణం, మైలోమాది కాదు. మరి ఐరన్ ఎటు పోతోంది? ఎండోస్కోపీలో కడుపులో పుండు కనబడింది. మోకాళ్లకి రెండేళ్లుగా మందులషాపులో కొని మింగిన నొప్పి మాత్రల పుణ్యం. అవి ఆపి, పుండుకి మందిచ్చి, ఐరన్ ఇస్తే మూణ్ణెల్లకి హిమోగ్లోబిన్ 12 దాటింది.

ఇక మిగిలింది మొన ఒక్కటే. అది 1.5 కంటే తక్కువ, ఐజీజీ రకం, ఫ్రీ లైట్ చైన్ల నిష్పత్తి మామూలుగా ఉంది. ఈ మూడూ కలిస్తే ప్రమాదం బాగా తక్కువ; ఇలాంటివాళ్లలో ఇరవై ఏళ్లలో ముదిరేది నూటికి ఐదుగురికి. అందుకే మూలుగ పరీక్ష వాయిదా వేశారు. మొన 3 గ్రాములు దాటితేనో, నిష్పత్తి చెడితేనో ఆగేవారు కాదు. అలాగని చిన్న మొన అంటే ఎప్పుడూ నిర్భయమనీ కాదు. మూత్రం నురగ కట్టి, కాళ్లు వాచి, గుండె బలహీనపడితే, మొన ఎంత చిన్నదైనా అమిలాయిడోసిస్ కోసం వెతకాల్సిందే.

ఒకప్పుడు ఈ స్థితిని నిరపాయకరం అనేవారు. మేయో క్లినిక్‌లో రాబర్ట్ కైల్ ఇలాంటి మనుషుల్ని ఏళ్లతరబడి గమనించాడు. చాలామంది అలాగే ఉండిపోయారు, కొందరిలో మాత్రం ముదిరింది. ఎవరిలో ముదురుతుందో ముందే చెప్పలేం కాబట్టి 1978లో దానికి 'అర్థం ఇంకా తేలనిది' అనే పేరు ఖాయం చేశాడు. అందరినీ కలిపి లెక్కేస్తే ఏడాదికి నూటికి ఒకరిలో ముదురుతుంది. ఎన్నేళ్లు గడిచినా ఆ ఒకటి సున్నా అవదు.

పిన్నికి ఇదే చెప్పాను: "ఇప్పుడు కాన్సర్ కాదు. ఆర్నెల్లకోసారి చూసి, పెరక్కపోతే తర్వాత రెండు మూడేళ్లకోసారి చూద్దాం." ఆర్నెల్లకి మళ్లీ చేస్తే 1.3. కదల్లేదు. ఒక గ్రాఫు చెప్పలేనిది, పక్కన పెట్టిన రెండో గ్రాఫు కొంత చెప్పింది. నడుంనొప్పి కొత్తగా వస్తే మాత్రం మందులషాపుకి కాక డాక్టరు దగ్గరికే వెళ్లమన్నాను. "షాపువాడి మొహం చూడను, సరేనా" అంది.