వేసవి రేత్రి హాస్టల్ గదిలో మన నిద్ర ఎక్కడ పోతోంది

ఏప్రిల్, మే నెలల్లో కర్నూలు, కడప హాస్టళ్లలో ఉండే మన పిల్లలు చాలామంది ఒకటే మాట అంటా ఉంటారు: "ఎంత చదివినా తలకెక్కడం లేదన్నా, చదువు మన వల్ల కాదేమో." మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. అందుకే ఈ మాట మాకు తొందరగా గుచ్చుకుంటుంది. కానీ చాలాసార్లు లోపం తలలో ఉండదు, గది పైకప్పులో ఉంటుంది. అదెట్లనో చెప్తాం.

నిద్ర పట్టాలంటే మన ఒంటి లోపలి వేడి ఒక డిగ్రీ దాకా తగ్గాలి. పొద్దుగూకినాక ఒళ్లు ఆ వేడిని అరచేతులు, అరికాళ్ల గుండా బయటికి పంపిస్తుంది. చుట్టూ గాలి చల్లగా ఉంటేనే అది బయటికి పోతుంది. అందుకే నిద్రకు 18 నుంచి 20 డిగ్రీలు మంచిదని పుస్తకాల్లో రాస్తారు. మన సీమ వేసవిలో అది కుదరని మాట. ఫ్యాను తిరుగుతా ఉంటే 26, 28 డిగ్రీల్లో కూడా మనం బాగానే పడుకోగలం. అసలు కష్టం 30 దాటినాక మొదలవుతుంది.

మేం ఉండేది పై అంతస్తులో, నేరుగా స్లాబు కింద. ఏప్రిల్ చివర్లో గోడకు చిన్న థర్మామీటరు కట్టి చూసినాం. రాత్రి తొమ్మిదిన్నరకు బయట 32, గదిలో 36. రెండు గంటలకు గదిలో 33. తెల్లారి ఐదుకు బయట 27, గదిలో 31. కాంక్రీటు పగలంతా ఎండను తాగి, సాయంత్రం నుంచి నిదానంగా కిందికి వదులుతుంది. అందుకే బయట చల్లబడినా గది చల్లబడదు.

ఇప్పుడు నిద్ర సంగతి. నిద్ర ఒక్క తీరుగా ఉండదు. సుమారు గంటన్నరకు ఒక చుట్టు తిరుగుతుంది. ముందు తేలిక నిద్ర, తర్వాత గాఢ నిద్ర, చివర కలల నిద్ర. గాఢ నిద్ర ఎక్కువగా రాత్రి మొదటి భాగంలో వస్తుంది, కలల నిద్ర తెల్లారుజామున పెరుగుతుంది. చదివింది బుర్రలో నిలబడడానికి రెండూ కావాలి. కలల నిద్రలో ఒళ్లు చెమట పట్టించి తనను తాను చల్లబరుచుకునే పని సరిగా చెయ్యదు. అందుకే గది వేడిగా ఉంటే ఆ నిద్ర తెగిపోయి మెలకువ వస్తుంది.

మా గది లెక్కలో పెట్టి చూడండి. గాఢ నిద్ర రావాల్సిన వేళకు స్లాబు మంట మీదుంటుంది. మూడు దాటి కాస్త చల్లబడి కలల నిద్ర మొదలయ్యేసరికి ఐదుకు స్టడీ అవర్ గంట కొడతారు. మంచం మీద ఏడు గంటలున్నాం అనుకుంటాం, పనికొచ్చే నిద్ర అందులో సగం కూడా ఉండదు. పొద్దున తల బరువుగా ఉండడం, చదివిన పేజీనే మళ్లీ చదవడం, చిన్న మాటకే కోపం రావడం దీని గుర్తులు.

మనకున్న ఒకే అదృష్టం మన గాలి పొడిగా ఉండడం. గదిలో 36 డిగ్రీలున్నా, గాలిలో తేమ పాతిక శాతమే ఉంటే, ఫ్యాను కింద తడిగుడ్డ 22 డిగ్రీల దగ్గరికి దిగుతుంది. కోస్తాలో 32 డిగ్రీలు, 75 శాతం తేమ ఉంటే అదే గుడ్డ 28 దగ్గరే ఆగిపోతుంది. అంటే విశాఖ స్నేహితునికి పనిచెయ్యని ఉపాయం మనకు పనిచేస్తుంది.

మేం చేసేది ఇది. పడుకునే ముందు నీళ్లు పోసుకొని ఒళ్లు పూర్తిగా తుడుచుకోం. పలుచని నూలు తువ్వాలు తడిపి గట్టిగా పిండి కాళ్ల మీద కప్పుకుంటాం, అరికాళ్లు కూడా మూసేట్టు. మధ్యలో మెలకువ వస్తే మళ్లీ తడుపుతాం. గది వేడి 35 దాటితే ఒళ్లు ఆరిపోయినాక ఫ్యాను వేడిగాలినే మన మీదికి తోస్తుంది, కాబట్టి తడి ఉండాల్సిందే. కిటికీలు పగలు మూస్తాం, బయట గదికన్నా చల్లబడినాకే తెరుస్తాం. స్పాంజి పరుపు తీసేసి చాప వేసుకుంటాం. తాండాలో అవ్వోళ్ల నులక మంచానికి కింద నుంచి గాలి ఆడేది, పరుపుకు ఆడదు. వాన మబ్బు పట్టి ఉక్కపోసే రోజు మాత్రం తడిగుడ్డ అంతగా పనిచెయ్యదు.

ఒక్క జాగ్రత్త. వేడికి ఎవరైనా తిక్కతిక్కగా మాట్లాడినా, స్పృహ తప్పినా, ఒళ్లు కాలిపోతున్నా నిద్రమత్తు అనుకోవద్దు. అది వడదెబ్బ. తడి చేసి గాలి విసురుతా 108కి ఫోన్ చెయ్యండి.

అసలు మందు పైకప్పుకే వెయ్యాలి. తెల్ల సున్నం కొడితే ఎండ చాలావరకు వెనక్కి పోతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లోనే కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. మార్చిలోనే పై అంతస్తు పిల్లలందరూ సంతకాలు పెట్టి వార్డెన్ సార్‌కు రెండు అడగండి: స్లాబుకు సున్నం, వేసవి రెండు నెలలు పొద్దుటి గంట ఆరున్నరకు. అర్జీ వెనుక నాలుగు రాత్రుల థర్మామీటరు లెక్క రాసివ్వండి. ఉత్త మాటను తోసేసినంత తేలిగ్గా లెక్కను తోసెయ్యలేరు.