సున్నా దగ్గర ఆగిన పాదరసం

మడకశిర ప్రాంతంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో సైన్సు చెప్పిన ఏళ్లలో, ఏడో తరగతికి పదార్థ స్థితుల పాఠాన్ని మార్చి నెలకు అట్టిపెట్టుకునేవాణ్ణి. ఘన, ద్రవ, వాయు స్థితుల నిర్వచనాలు పిల్లలకు అప్పటికే కంఠతా వచ్చేవి. అయినా మంట పెడితే వేడెక్కి తీరుతుందన్న నమ్మకం మాత్రం అందరిలోనూ ఉండేది. నా పాఠం గురి ఆ నమ్మకం మీదే.

మొదటి పీరియడుకు మంచు కావాలి. హిందూపురం నుంచి వచ్చే పొద్దుటి బస్సులో, వరిపొట్టు పోసిన గోనెసంచిలో చుట్టి ఒక మంచుగడ్డ తెప్పించేవాణ్ణి. దాన్ని బాగా చితక్కొట్టి, 100 గ్రాములు తూచి బీకరులో వేసేవాళ్లం. థర్మామీటరు బుడ్డి గాజు అడుగుకు తగలకుండా దారంతో స్టాండుకు వేలాడదీసి, కింద సారా దీపం వెలిగించేవాళ్లం. ఒకరు కలుపుతూ ఉండాలి, ఒకరు నిమిషానికోసారి చదవాలి, ఒకరు బోర్డు మీద రాయాలి. దీపం వెలిగించే ముందే, అయిదు నిమిషాల తర్వాత ఎంత ఉంటుందో ప్రతివాళ్లూ నోటుబుక్కులో రాసుకోవాలి. ఇరవై అని కొందరు, నలభై అని కొందరు రాసేవాళ్లు.

సున్నా. మళ్లీ సున్నా. నాలుగో నిమిషానికి గుసగుసలు మొదలయ్యేవి. "సార్, దీపం మండుతానే ఉంది, ఇది ఆడనే నిలబడిపోయింది సార్" అని ఒక అమ్మాయి నిలదీసినట్టు అడగడం నాకు బాగా గుర్తు. అంకె మూడు, నాలుగు చూపిస్తే కలిపేవాడు పరధ్యానంలో పడ్డాడని అర్థం. మంచు పైన తేలుతుంటే అడుగు నీళ్లు విడిగా వేడెక్కుతాయి. మళ్లీ కలిపితే పాదరసం సున్నాకు దిగివచ్చేది.

తొమ్మిది నిమిషాలకు చివరి ముక్క కరిగాక పాదరసం ఎక్కడం మొదలుపెట్టేది. అప్పుడు లెక్క వేయించేవాణ్ణి. ఒక గ్రాము మంచు కరగడానికి 80 కేలరీలు కావాలి. ఒక గ్రాము నీటిని సున్నా నుంచి 80 డిగ్రీలకు వేడి చేయడానికీ అంతే కావాలి. కాబట్టి ఇంకో తొమ్మిది నిమిషాలు అదే దీపం పెడితే నీళ్లు 80కి చేరాలి. మాకు 70 దాటడం కష్టమయ్యేది. వేడెక్కిన బీకరు చుట్టూ ఉన్న గాలికి కొంత వేడిని వదిలేస్తుందని పిల్లలే కనిపెట్టేవాళ్లు. కంటికి కనిపించని ఆ వేడినే 1760లలో గ్లాస్గోలో జోసెఫ్ బ్లాక్ గుర్తించాడని, దాని పేరు గుప్తోష్ణమని ఆ తర్వాతే చెప్పేవాణ్ణి.

దీపం ఆర్పకుండా మరిగేదాకా ఉంచితే పాదరసం మళ్లీ ఆగుతుంది, అదీ 98 దగ్గర. పుస్తకంలో 100 అని ఉంది కనుక థర్మామీటరు చెడిపోయిందనేవాళ్లు. "పొద్దున మంచులో సున్నా సరిగ్గానే చూపించింది కదా?" అని అడిగేవాణ్ణి. మడకశిర సముద్రమట్టానికి 600 మీటర్లకు పైగా ఎత్తున ఉంది. ఇక్కడ గాలి ఒత్తిడి తక్కువ, అందుకే నీళ్లు ముందే మరుగుతాయి. మచిలీపట్నంలో అయితే 100 వస్తుంది.

రెండో పీరియడుకు మంట అక్కర్లేదు. రెండు థర్మామీటర్లు వరండాలో వేలాడదీసి, ఒకదాని బుడ్డికి తడిపిన పాత పంచెగుడ్డ చుట్టేవాళ్లం. పొడిది 35 చూపిస్తుంటే తడిది పది నిమిషాల్లో 23కి దిగేది. అట్టతో విసిరితే ఇంకా త్వరగా దిగేది. గుడ్డ ఆరిందంటే అంకె మళ్లీ పైకి పోతుంది. వాళ్ల ఇళ్లలో ఇసుక మీద పెట్టిన కుండ చేసే పనీ ఇదే. ఒక గ్రాము నీరు ఇగిరిపోవాలంటే 580 కేలరీల దాకా కావాలి. ఆ వేడిని కుండలో మిగిలిన నీళ్ల నుంచే లాక్కుంటుంది. మరగకుండానే నీరు ఆవిరి అవుతుందని అక్కడ తేలిపోయేది.

అదే ప్రయోగం వానాకాలంలో చేస్తే తేడా నాలుగైదు డిగ్రీలకు మించదు. గాలిలో అప్పటికే తేమ ఉంటుంది కనుక ఇగరడం మందగిస్తుంది. కరువు సీమ పొడిగాలి ఈ పాఠానికి ఎంత పనికొస్తుందో పిల్లలకు ఆ రెండు అంకెలు పక్కపక్కన రాస్తే తెలిసేది. చెరువులో నీళ్లు నేలలోకే కాక గాలిలోకీ పోతాయని, కురిసేదానికన్నా ఇగిరిపోయేదే ఎక్కువైన సీమ మనదని వాళ్లే అనేవాళ్లు.

ఈ పాఠం చెప్పబోయే ఉపాధ్యాయులకు నా విన్నపం ఒక్కటే. ద్రవీభవనం, బాష్పీభవనం అన్న మాటలను బోర్డు మీద ముందే రాయకండి. పాదరసం ఆగడం పిల్లలు చూశాక, ఎందుకు ఆగిందని వాళ్లు అడిగాక రాయండి.