బావ కాఫీలో చక్కెర లెక్క

శంషాబాద్ విమానాశ్రయానికి రాత్రిపూట క్యాబ్ నడుపుతాడు మా బావ. అర్ధరాత్రి దాటాక దిగే విమానాల కోసం కాచుకుని ఉండాలి. నిద్ర ముంచుకొస్తే కాఫీయే దిక్కు. రాత్రికి ఐదు కప్పులు, కప్పుకి రెండు చెంచాల చక్కెర!

ఆమధ్య కడుపునొప్పని స్కానింగ్ చేయిస్తే 'గ్రేడ్-1 ఫ్యాటీ లివర్' అని వచ్చింది. నొప్పికి కారణం వేరే. లివర్ సంగతి అనుకోకుండా బయటపడింది. ఈ జబ్బు తీరే అంత. కాలేయానికి కొవ్వు పడుతున్నా చాలామందికి ఏ బాధా తెలియదు. మందు ముట్టని మనిషికి లివర్ జబ్బేమిటని అక్క ఒకటే కన్నీళ్లు. మందుతో పనిలేదు. హైదరాబాద్ విశ్వవిద్యాలయం పరిశోధకులు ఏఐజీ ఆసుపత్రి వైద్యులతో కలిసి నగరంలోని 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రకటించారు. నూటికి 84 మంది కాలేయంలో కొవ్వు ఎక్కువగానే ఉంది. గంటల తరబడి కుర్చీలో కూర్చునే ఉద్యోగానికీ, స్టీరింగ్ ముందు కూర్చునే పనికీ తేడా ఎంత?

బావ మాత్రం ధీమాగా ఉన్నాడు. "కాఫీ లివర్‌కు మంచిదని మీ పేపర్లనే రాసిన్రు గదా!" అన్నాడు.

రాసిన మాట నిజమే. బ్రిటన్‌లో దాదాపు ఐదు లక్షల మందిని పదేళ్లకు పైగా గమనించిన అధ్యయనం 2021లో వెలువడింది. కాఫీ తాగేవాళ్లకు దీర్ఘకాలిక కాలేయ జబ్బుల ముప్పు 21 శాతం, వాటితో చనిపోయే ముప్పు 49 శాతం తక్కువగా కనిపించాయి. రోజుకు మూడు నాలుగు కప్పుల దగ్గర మేలు ఎక్కువ. కెఫీన్ తీసేసిన కాఫీతోనూ మేలు కనిపించింది కాబట్టి గొప్పంతా కెఫీన్‌దే కాదు. అయితే ఇది జనం అలవాట్లను గమనించి వేసిన లెక్కే, కాఫీయే కారణమని తేల్చిన రుజువు కాదు.

ఈ సంగతే డాక్టరుగారిని అడిగాం. కాలేయానికి మొదట కొవ్వు పడుతుంది. కొందరిలో అది వాపుగా మారి, ఏళ్లు గడిచేకొద్దీ మచ్చలు కడుతుంది. మచ్చలు ముదిరితే సిర్రోసిస్. కాఫీ మేలు బలంగా కనబడేది ఈ మచ్చల దశలో. కొవ్వు పట్టకుండా ఆపుతుందా అన్నదాని మీద అధ్యయనాలన్నీ ఒకే మాట చెప్పడం లేదు. బావకు ఫైబ్రోస్కాన్ చేస్తే మచ్చల్లేవని తేలింది. అంటే ఆయనది కొవ్వు సమస్యే.

ఆ కొవ్వుకు దారి కప్పులోనే ఉంది. చెంచా ఐదు గ్రాములనుకున్నా, పది చెంచాలంటే యాభై గ్రాములు, రెండొందల కేలరీలు! చక్కెరలో సగం ఫ్రక్టోజ్. దాని భారం ఎక్కువగా కాలేయం మీదే పడుతుంది. అవసరానికి మించినది కొవ్వుగా మారుతుంది.

బావ బరువు 84 కిలోలు. అందులో ఐదు శాతం, అంటే నాలుగు కిలోలు తగ్గినా కాలేయంలో కొవ్వు కరగడం మొదలవుతుందన్నారు డాక్టరుగారు. కాఫీ మానక్కర్లేదు, చక్కెర మానాలి. అలవాటు లేనివాళ్లు లివర్ కోసమని కాఫీ మొదలుపెట్టనూ అక్కర్లేదు.

ఇప్పుడు బావ రాత్రికి మూడు కప్పులే తాగుతున్నాడు, చక్కెర లేకుండా. మూడు నెలల్లో మూడు కిలోలు తగ్గాడు. మళ్లీ స్కానింగ్‌కి ఇంకో మూడు నెలలుంది. అక్క మాత్రం చక్కెర డబ్బాను అటక మీదికి ఎక్కించేసింది.