ఒక డిగ్రీ వాలు

మేడ మీది నీళ్ల ట్యాంకు నిండితే ఫోనుకి కబురు పంపే చిన్న సర్క్యూట్ ఒకటి చేశాను. దానికి ఏబీఎస్ ప్లాస్టిక్ డబ్బా కూడా నేనే గీసుకున్నాను. లోతు 40 మిల్లీమీటర్లు, గోడలు నిటారుగా, మందం 2.5. గట్టిగా ఉండాలని అడుగు మాత్రం 5 చేశాను. త్రీడీ ప్రింటర్‌లో బ్రహ్మాండంగా వచ్చింది. వందల్లో చేయిద్దామని, రెండేళ్ల పొదుపు లెక్కేసుకుని, చర్లపల్లిలో డైలు చేసే ఒక పెద్దాయన దగ్గరికి పట్టుకెళ్లాను.

ఆయన అటూ ఇటూ తిప్పి చూసి, "లోపల తయారైతది సార్, బయటికే రాదు" అన్నారు.

ప్లాస్టిక్ చల్లారుతూ ముడుచుకుంటుంది. డబ్బా లోపలి ఆకారాన్నిచ్చే ఉక్కు దిమ్మెని, అంటే కోర్‌ని, బిగించి పట్టుకుంటుంది. గోడ నిటారుగా ఉంటే ఎజెక్టర్ పిన్నులు తోస్తున్నంతసేపూ ఉక్కుని రాసుకుంటూనే ఉంటుంది. గోడ మీద గీతలు పడతాయి, పిన్ను తోసినచోట తెల్లబడుతుంది. కాస్త వాలు ఉంటే మాత్రం కొంచెం కదలగానే వదులైపోతుంది.

ఇంటికొచ్చి బయటి గోడలకి ఒక డిగ్రీ వాలు ఇచ్చాను. 40 లోతులో అది 0.7 మిల్లీమీటర్లు. నోటి దగ్గర 2.5 ఉన్న గోడ అడుగుకొచ్చేసరికి 1.8 అయింది. కోర్‌ని పట్టుకునే లోపలి గోడేమో నిటారుగానే ఉండిపోయింది! తప్పంతా వరసలో ఉంది. నేను ముందు డబ్బాని తొలిచి, తర్వాత వాలు ఇచ్చాను. గట్టి దిమ్మెగా ఉన్నప్పుడే వాలు ఇచ్చి ఆ తర్వాత తొలిస్తే, లోపలి గోడా బయటి గోడా కలిసే వాలతాయి, మందం మారదు.

ఇక అడుగు. మందంగా ఉన్నచోట మధ్యలోని ప్లాస్టిక్ ఆలస్యంగా చల్లారి, పైపొరని లోపలికి లాగుతుంది. అక్కడ సొట్ట పడుతుంది. పైగా మందం రెండింతలైతే చల్లారడానికి దాదాపు నాలుగింతల సమయం కావాలి. అందుకని అడుగుని కూడా 2.5కి దించి, లోపల రిబ్బులు నిలబెట్టాను. వాటినీ 2.5 మందంతోనే గీశాను. పెద్దాయన ఒప్పుకోలేదు. రిబ్బు అడుగుని కలిసేచోట మళ్లీ మందమే కదా! రిబ్బు మందం గోడలో సగం, మహా అయితే అరవై శాతం ఉండాలట. 1.4 పెట్టాను. ఎత్తు 7, రెండు పక్కలా అర డిగ్రీ వాలు.

"సన్నగనే ఉండనీయండి. చాలకపోతే ఉక్కు ఇంకింత కోస్తే రిబ్బు మందమైతది. ఎక్కువైతేనే కష్టం, వెల్డింగ్ పెట్టి నింపాలె" అన్నారు. ఏ తప్పునైనా రాత్రికి రాత్రి ప్యాచ్‌తో సరిచేసే ఉద్యోగం నాది. తప్పు ఏ వైపు జరిగితే నయమో ముందే ఆలోచించుకోవడం నాకు కొత్త.

మొదటి డబ్బా చేతికి రాగానే అడుగుని ట్యూబ్‌లైట్ కింద పట్టి చూశాను. రిబ్బుల వెనక వెలుగు గీత తిన్నగా ఉంది. ఒక్క మూల దగ్గర మాత్రం కాస్త వంగింది. అక్కడ స్క్రూ కోసం పెట్టిన స్తంభాన్ని గోడలో కలిపేశాను. కలిసినచోట ఎంత మందమైందో చూసుకోనే లేదు.