ఆర్ఆర్ఆర్ చూసొచ్చాం, కథ మాత్రం చెప్పం

ఇవాళ, 2022 మార్చి 25న, ఆర్ఆర్ఆర్ చూసొచ్చాం. కథ ఒక్క ముక్క కూడా చెప్పం, భయం లేకుండా చదవండి.

జనవరి 7న రావాల్సిన సినిమా కరోనాతో ఆగిపోయింది కదా, ఆ ఆత్రమంతా ఇవాళ తీరింది. తెల్లారకుండానే హాస్టల్ నుంచి బయల్దేరితే జగదాంబ జంక్షన్ దగ్గర అప్పటికే తిరునాళ్లు! ఒకవైపు ఎన్టీఆర్ అభిమానులు, ఇంకోవైపు చరణ్ అభిమానులు. వాళ్లు హీరోల పేర్లు అరిచారు. మేం మాత్రం "భీమ్", "రామరాజు" అని అరిచాం. గొంతులు పోయాయి. మొదట్లో డైలాగులు సగం వినబడలేదు, అందుకోసమైనా ఇంకోసారి చూడాల్సిందే.

సుద్దాల అశోక్ తేజ గారు రాసిన కొమురం భీముడో పాట ఇన్నాళ్లూ ఫోన్లలోనే విన్నాం. హాల్లో కాలభైరవ గొంతు వినబడేసరికి ఈలలు ఆగిపోయాయి. ఒక గోండు వీరుడి పేరు అంత పెద్ద హాలంతా మోగుతుంటే మా వరసలో ఎవరూ మాట్లాడలేదు. ఆ పాట ఎక్కడొస్తుందో అడక్కండి.

ఇంటర్వెల్‌లో వెనక వరస తమ్ముడొకడు "వీళ్లిద్దరూ నిజంగానే ఫ్రెండ్సా అన్నా?" అని అడిగాడు. కాదు తమ్ముడూ. రామరాజును 1924 మే 7న కొయ్యూరు దగ్గర చంపేశారు. భీమ్ నిజాం మీద పోరాడి జోడేఘాట్‌లో ప్రాణం వదిలింది 1940లో. ఇద్దరూ కుర్రతనంలో కొన్నేళ్లు ఇల్లు విడిచి వెళ్లారు, అప్పుడు కలిసుంటే ఎలా ఉండేదన్నదే తన ఊహ అని రాజమౌళి ముందే చెప్పారు. తెరమీద చూసింది గ్రూప్స్ పరీక్షలో రాసేయకండి (నవ్వకండి, రాసేవాళ్లున్నారు).

మన్యంలో జరిగింది వేరు. అడవి చట్టాలు పోడు కొట్టనివ్వలేదు. రోడ్డు పనులకి మనవాళ్లని తోలుకెళ్లి సరైన కూలి ఇవ్వలేదు. ఆ కడుపుమంటతోనే 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీస్ స్టేషన్ మీద పడి తుపాకులు పట్టుకెళ్లారు. రామరాజు ఒక్కడే కాదు, గాం గంటం దొర, మల్లు దొర లాంటి మనవాళ్లు ఆ పోరాటంలో ముందున్నారు. ఈ ఆగస్టుకి నూరేళ్లు. ఆ కథ కోసమైతే మన ఊళ్లలో ముసలాళ్ల దగ్గర కూర్చోవాలి. ఈ సినిమాకి సినిమాగానే వెళ్లండి, మేం మాత్రం ఫిదా!

చింతపల్లి వైపు నుంచి నర్సీపట్నం దిగి చూసేవాళ్లు మార్నింగ్ షోకే వెళ్లండి. సినిమా మూడు గంటల పైనే, మీద ఇంటర్వెల్. సెకండ్ షోకి వెళ్తే తిరిగి బస్సు ఉండదు. టికెట్ మీద 75 రూపాయల పెంపు మొదటి పది రోజులకే. ఆగగలిగితే ఆగండి. మా వల్ల కాలేదు.