జల్లెడలోంచి దిగిపోయేవి

యానాం గాలిలో పిండి ఎక్కువ రోజులు నిలవదు. ఒక పక్క గౌతమి, ఇంకో పక్క కోరంగి పాయ, అట్టే దూరంలో లేని సముద్రం. నా చిన్నప్పుడు మెట్టకూరులో మా ఇంటి ఉప్పు జాడీ ఎండాకాలం తప్ప మిగతా అన్నాళ్లూ చెమర్చే ఉండేది. వేసవిలో వేడి, తర్వాత వాన, ఎప్పుడూ తేమ. మనుషులకు ఉక్కపోసే ఆ వాతావరణమే పిండిలో పురుగుకి పుట్టిల్లు. ముప్ఫై డిగ్రీల వేడిలో ఎర్ర పురుగు గుడ్డు నుంచి పెద్ద పురుగు అవడానికి నెల, నెలాపది రోజులు చాలు. అందుకే మా మామ్మ పిండిని నెలకు మించి ఉంచేది కాదు. మంగళవారం సంతలో గోధుమలు కొన్నా, ఎండబెట్టి అలాగే గింజగా ఉంచి, వారానికి సరిపడా మరకి పంపేది.

అయినా పురుగు వచ్చేది. వచ్చినప్పుడు ఇంట్లో రెండు పార్టీలు. జల్లించి వాడుకుందామనే వాళ్లు ఒకవైపు, పారబోయమనే వాళ్లు ఇంకోవైపు. మామ్మ ఏ పార్టీలోనూ ఉండేది కాదు. డబ్బా మూత తీసి ముందు వాసన చూసేది, తర్వాత గుప్పెడు పిండి తీసి నలిపేది, ఆ తర్వాతే జల్లెడ అడిగేది. ఆ వరస ఎంత సరైనదో నాకు చాలా ఏళ్ల తర్వాత, పిండి పురుగుల గురించి చదువుకున్నాకే పూర్తిగా అర్థమైంది.

పిండిలో కనబడే పురుగులన్నీ ఒకటి కావు. మూతి ముందుకు సాగినట్టుండే ముక్కు పురుగు అసలు పిండి పురుగే కాదు. అది బియ్యపు గింజకు కన్నం పెట్టి లోపల గుడ్డు పెడుతుంది, పిల్ల ఆ గింజలోనే పెరుగుతుంది. పిండిలో గింజ లేదు కాబట్టి అక్కడ దాని సంతానం పెరగదు. పిండి డబ్బాలో అది కనిపించిందంటే పక్కనున్న బియ్యం బస్తాని చూసుకోవాలి. ఇటుక రంగులో, నువ్వుగింజకన్నా కాస్త పొడుగ్గా, పరుగులు పెట్టేది ఎర్ర పిండి పురుగు. దీని సంగతి తలకిందులు. గట్టి గింజని ఇది కొరకలేదు, పిండి, నూక, తవుడు దొరికితే తరాలు తరాలు అందులోనే బతికేస్తుంది. మూడోది రెక్కల పురుగు. బూడిద రంగు చిన్న చిలుక రాత్రిపూట అటక మీద ఎగురుతూ కనిపిస్తుంది, దాని పిల్లలు తెల్లటి సన్న పురుగులు. పట్టులాంటి దారం వదులుతూ పిండిని ముద్దలు ముద్దలుగా గూడు కట్టేవి ఇవే. మా ప్రాంతంలో బియ్యప్పిండికీ రవ్వకీ ఎక్కువగా పట్టేది ఈ బియ్యపు చిలుకే. దీన్నే వ్యవసాయ పరిశోధన కేంద్రాల్లో కావాలని పెంచుతారు. దాని గుడ్లను అట్టలకు అంటించి, వాటి మీద ట్రైకోగ్రామా అనే పరాన్నజీవి కందిరీగను పెంచి, చెరకు తోటల్లో ఆకులకు తగిలిస్తారు. అటక మీద ఇంటిల్లిపాదినీ విసిగించిన ఆ పురుగు పొలంలో రైతుకు అలా పనికొస్తుందని తెలిసిన రోజు నాకు చాలా ఆశ్చర్యం వేసింది.

ఇక జల్లెడ. పెద్ద పురుగు జల్లెడలో ఆగుతుంది, ఎదిగిన పిల్ల ఆగుతుంది, గూడు ముద్ద ఆగుతుంది. కిందికి పోయేవి వేరే ఉన్నాయి. ఎర్ర పురుగు గుడ్డు పొడవు అర మిల్లీమీటరుకు కాస్త ఎక్కువ, వెడల్పు అంతకన్నా తక్కువ. పెట్టినప్పుడు దాని మీద జిగురు ఉంటుంది కాబట్టి పిండి రేణువులు అంటుకుని, గుడ్డు అచ్చం పిండి రవ్వలా కనిపిస్తుంది. మన ఇంటి జల్లెడ కన్నం అంత సన్నం కాదు. అప్పుడే గుడ్డులోంచి బయటికొచ్చిన పిల్లలూ అంతే, దారప్పోగులా ఉండి జారిపోతాయి. పురుగుల రెట్ట, విడిచిన పొర తునకలు కూడా పిండితోపాటే దిగుతాయి. ఇంకొకటి, జల్లెడకు అసలు అందనిది, వాసన. ఎర్ర పురుగు తన రక్షణ కోసం ఒంట్లోంచి క్వినోన్లు అనే ఘాటు రసాయనాలు విడుస్తుంది. పురుగు బాగా పెరిగిన పిండి గులాబీ ఛాయకు తిరిగి, ముక్కుకి పొడుచుకునే వాసన వేస్తుంది. ఆ గోధుమ పిండి కలిపితే సాగదు, తెగిపోతుంది. చపాతీ చేదెక్కుతుంది. ఎన్నిసార్లు జల్లించినా అది పోదు.

పురుగున్న పిండీ, వాసన వేసే పిండీ ఒకే రోజు పక్కపక్కన కనబడ్డది 1996 తుపానులో. నవంబరు 6 రాత్రి కాకినాడకు దక్షిణంగా అది తీరం దాటింది. వెయ్యి మందికి పైగా పోయారు, కోనసీమ కొబ్బరి తోటలు నేలమట్టమయ్యాయి. మా పెంకుటింటి కప్పు ఒక మూల లేచిపోయింది. కరెంటు లేదు, మర ఆడదు, సంత లేదు. ఇంట్లో ఉన్న రెండు డబ్బాలే దిక్కు. ఒకటి బియ్యప్పిండి, వంటింటి గోడ అలమారలో పొడిగా ఉండిపోయింది. మూత తీస్తే పైనే ఎర్ర పురుగులు పరుగెత్తాయి. రెండోది గోధుమ పిండి, కారిన కప్పు కింద ఉంది. అందులో ఒక్క పురుగు లేదు, తెల్లగానే ఉంది, అంచుల్లో మాత్రం అట్టకట్టింది.

అమ్మ సహజంగానే పురుగుల డబ్బాని పెరట్లోకి తీసుకెళ్లబోయింది. "ఆగమ్మా" అని మామ్మ రెండూ తన ముందు పెట్టించుకుంది. బియ్యప్పిండి గుప్పెడు తీసి వాసన చూసింది. పిండి వాసనే. నలిపితే పొడిగా జారింది. రంగు మారలేదు, గూడు లేదు. గోధుమ పిండి తీసింది. ముక్కవాసన. పిడికిలి బిగిస్తే ముద్ద ముద్దగానే నిలబడింది.

"ఇది పారబొయ్యి."

"పురుగు లేదు కదండీ అత్తయ్యగారూ, అట్టకట్టింది తీసేసి జల్లించుకుంటే..."

"ముక్కిపోయిందమ్మా. జల్లెడలో వాసన ఆగుతుందా? గేదెకి కూడా పెట్టకు."

బియ్యప్పిండిని రెండుసార్లు జల్లించి, ఇనప మూకుడులో సన్న సెగ మీద చెయ్యి పెట్టలేనంత వేడెక్కేదాకా అంతటా కలుపుతూ వేయించింది. ఆ పూటే రొట్టెలు కాల్చింది. మిగిలింది రెండు రోజుల్లో దాదాపు అయిపోయింది.

గేదెకి కూడా వద్దన్న మాట నన్ను చాలాకాలం వెంటాడింది. తడిసిన పిండిలో, గింజలో పెరిగే కొన్ని బూజులు అఫ్లటాక్సిన్ అనే విషాన్ని తయారు చేస్తాయి. అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది, వంట వేడికి పోదు. పశువు తింటే పాలలోకి దిగుతుంది. బూజు పచ్చగా కంటికి కనబడే ముందే దాని పోగులు పిండిలో పాకి ఉండొచ్చు, కాబట్టి పైపైన తీసేసి మిగతాది వాడుకోవడం కుదరదు. దీనితో పోలిస్తే పొడి పిండిలో నాలుగు ఎర్ర పురుగులు చిన్న సంగతి. అవి కుట్టవు, మనిషి కడుపులో బతకవు, బాగా ఉడికినా కాలినా గుడ్లతో సహా చస్తాయి. తెలియక తిన్నవాళ్లకు సాధారణంగా ఏమీ కాదు. ఉబ్బసం, దద్దుర్లు వచ్చే తత్వం ఉన్నవాళ్లు మాత్రం ఆ పిండి తినకూడదు, జల్లించే పని కూడా వాళ్లకు అప్పజెప్పకూడదు. తునకలూ రెట్టా దుమ్ముగా లేచి ఊపిరిలోకి వెళ్తాయి.

ఆ నవంబరులోనే దీపావళి, అది అయిన నాలుగో రోజు నాగుల చవితి. పుట్టకు పెట్టే చలిమిడి పచ్చిది, పొయ్యి చూడనిది. అమ్మ మిగిలిన బియ్యప్పిండి చూపిస్తే మామ్మ ఒప్పుకోలేదు. బియ్యం నానబోసి, నీడన ఆరేసి, రోట్లో దంచి, అప్పటికప్పుడు బెల్లంతో కలిపింది. మడి కోసమని నేననుకున్నాను. మడీ కొంత ఉంది. కానీ పచ్చిగా తినేదానికి, పిల్లల చేతిలో పెట్టేదానికి, జల్లించిన పాత పిండి పనికిరాదన్నది ఏ కాలంలోనైనా నిలిచే పద్ధతే. పురుగు సంగతి పక్కన పెట్టినా నిలవ ఉన్న పచ్చి పిండిలో కడుపును పాడుచేసే సూక్ష్మజీవులు ఉండొచ్చు. వాటిని ఆపేది సెగ ఒక్కటే.

గూడు కట్టిన పిండి విషయంలో మామ్మ కన్నా నేను కఠినం. ఆవిడ గూడు ముద్దలు ఏరేసి ఒక్కోసారి వాడేది. నేను వాడను. దారం కనబడేసరికే పురుగు అక్కడ వారాల తరబడి తిని, రెట్ట వేసి, పొరలు విడిచి ఉంటుంది. ముద్దలు తీసేస్తే మిగిలేది పిండీ దాని మలమూ కలిసినదే. రంగు మారినా, ఘాటు వాసన వేసినా అంతే. పురుగులు కొద్దిగా ఉండి, పిండి పొడిగా, మంచి వాసనతో ఉంటే మాత్రం జల్లించి, ఆ రెండు మూడు రోజుల్లో బాగా వండుకుని ముగించేస్తాను. జల్లించింది డబ్బాలో పోసి మళ్లీ అటకెక్కించడం మాత్రం పనికిరాదు. గుడ్లు కొద్ది రోజుల్లో పగిలి పిల్లలవుతాయి. అనుమానముంటే రాత్రి గరిటె వెనకతో పిండి పైభాగం నున్నగా సర్ది మూత పెట్టండి. పొద్దున చూస్తే, లోపల పురుగు తిరుగుతుంటే, సన్నటి చారలు కనబడతాయి.

పిండిని ఎండలో పెడితే గుడ్లు చస్తాయని అందరూ అంటారు. గుట్టగా పోస్తే చావవు. పిండి వేడిని లోపలికి పోనివ్వదు, పైన కాలుతుంటే అడుగు చల్లగా ఉంటుంది, పురుగులు అక్కడికి దిగి దాక్కుంటాయి. ఇప్పుడు ఫ్రీజర్ ఉంది కనుక నేను కొత్త పిండి సంచిని గాలి చొరకుండా కట్టి వారం రోజులు ఫ్రీజర్‌లో పెడతాను, గుడ్లు కూడా చస్తాయి. బయటికి తీశాక పూర్తిగా మామూలు వేడికి వచ్చేదాకా విప్పను. చల్లటి పిండి మీద మన గాలిలోని తేమ పట్టేస్తుంది, ఆపైన బూజు భయం. బియ్యంలో కొందరు కలిపే బోరిక్ పౌడరు మాత్రం పిండిలో ఎప్పుడూ వద్దు. బియ్యాన్నైతే కడుగుతాం, పిండిని కడగలేం, అది నేరుగా కడుపులోకే పోతుంది.

ఇంటి డబ్బాలో పట్టిన పురుగు సంగతి ఇది. కొట్లో కొన్న పొట్లంలోనే పురుగు ఉంటే లెక్క వేరు. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం పురుగు పట్టిన ఆహారాన్ని సురక్షితం కాని ఆహారం కిందే చెబుతుంది. అమ్మేవాడు దాన్ని జల్లించి మళ్లీ తూకం వేసి ఇవ్వడానికి వీల్లేదు. అలాంటి పొట్లం మీ చేతికొస్తే ఇంట్లో జల్లెడ వెతకకండి, బిల్లుతో సహా తిరిగిచ్చి మార్చుకోండి.